హోదాల చరిత్ర – 6వ భాగం: రాలిపోయిన మాటలు

గత భాగంలో సిపాయి, నాయక్, హవల్దారు, సుబేదారు అనే పేర్లు ఈస్టిండియా కంపెనీ సైన్యంలోకి ఎలా చేరాయో వివరించడం జరిగింది. విజయనగర కాలంలో సీమలను ఏలిన నాయకుని బిరుదు కంపెనీ పటాలంలో చేతిమీద రెండు పట్టీలు ధరించే చిన్న హోదాగా కుదించుకుపోయింది. మొగలు పాలనలో ఒక సుబా మొత్తానికి అధిపతి అయిన సుబేదారు ఎంత చిన్న వయసు తెల్ల అధికారికైనా లోబడి నడవవలసిన దేశీయ అధికారిగా మిగిలాడు. మద్రాసు నుంచి క్లైవు వెంట బెంగాలుకు వెళ్లిన సిపాయిలను అక్కడి జనం ‘తిలంగా’ అని పిలిచారనీ, ఆ తెలుగు జాతి పేరే ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిలందరికీ పేరైపోయిందనీ అదే భాగంలో చూడటం జరిగింది. ఆ సిపాయిలపై అజమాయిషీ చేసిన తెల్ల అధికారుల హోదాలు, వారి తరువాత వచ్చిన పోలీసు అధికారుల హోదాలు కాగితం మీద రెండు మూడు అక్షరాలుగా ఎలా మారాయి, ఆ అక్షరాలను ఎలా చదవాలి అన్నది ఈ భాగానికి విషయం.

పలికే అక్షరాలు, పలకని అక్షరాలు

పోలీసు శాఖలో ఎస్‌ఐ, డీఎస్పీ అనే పొట్టి రూపాలను ప్రతి అక్షరం విడివిడిగా పలుకుతారు. సబ్ ఇన్‌స్పెక్టర్ అని పూర్తిగా పలికేవారికంటే ఎస్‌ఐ గారు అనేవారే ఎక్కువ. సైన్యంలో పద్ధతి వేరు. ఆంగ్లంలో ‘సి, ఓ, ఎల్’ అనే మూడక్షరాలు రాసినా కల్నల్ అనే చదవాలి, ‘ఎం, ఏ, జె’ అని రాసినా మేజర్ అనే పలకాలి. ఆ పొట్టి రూపం చేతికీ కాగితానికీ శ్రమ తగ్గించడానికే గాని నాలుకకు సంబంధించింది కాదు.

ఈ భేదానికి కారణం ఆ పేర్ల పుట్టుకలోనే ఉంది. సైనిక హోదాలు యుద్ధరంగంలో పుట్టి తరతరాల వాడుకలో అరిగి ఒక్కొక్కటి ఒక్క మాటగా నిలబడ్డాయి గనుక, వాటిని పొట్టిగా రాయాలంటే మాట తోకను కత్తిరించడం ఒక్కటే దారి. పోలీసు హోదాలు చట్టాలు రాసేవారి బల్లమీద పుట్టాయి. వాటిలో ప్రతిదీ ఎవరి కింద, ఎంత ప్రాంతానికి, ఏ పని చేసేవాడో చెప్పే వర్ణన గనుక, రెండు మూడు మాటల మొదటి అక్షరాలు తీసి కూర్చితే సరిపోయింది. అయితే రెండు పద్ధతుల్లోనూ ఒక చిక్కు ఉంది. పొట్టిగా రాసే క్రమంలో ఏదో ఒక మాట రాలిపోతుంది, రాలిపోయిన మాట ఏదో తెలియనివారు మిగిలిన అక్షరాలను తప్పుగా చదువుతారు.

మేజర్ ముందున్న సార్జెంటు

సైనిక హోదాల్లో చదువరులను ఎక్కువగా తికమక పెట్టేది ఒక తలకిందుల లెక్క. మేజర్ హోదా లెఫ్టినెంటు హోదాకంటే చాలా పెద్దది; మధ్యలో కెప్టెన్ హోదా ఉంది. అయినా మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ పై అధికారి. దీనికి సమాధానం 17వ శతాబ్దపు ఇంగ్లండులో, రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో దొరుకుతుంది.

ముందుగా లెఫ్టినెంటు అనే మాటను విప్పి చూడాలి. అది ఫ్రెంచి భాషలో ‘స్థానం’ అనే మాటా ‘పట్టి ఉంచేవాడు’ అనే మాటా కలిసి ఏర్పడింది, అంటే అధికారి లేనప్పుడు ఆయన స్థానంలో నిలిచేవాడని అర్థం. కాబట్టి లెఫ్టినెంటు అన్నది స్వతంత్రమైన కొలత కాదు; దాని పక్కన ఏ మాట ఉంటే ఆ మాటకు ఒక మెట్టు కింద అని అది చెబుతుంది. కల్నల్ స్థానంలో నిలిచేవాడు లెఫ్టినెంట్ కల్నల్, జనరల్ స్థానంలో నిలిచేవాడు లెఫ్టినెంట్ జనరల్. పక్కన ఏ మాటా లేకుండా లెఫ్టినెంటు అని మాత్రమే ఉంటే, రాలిపోయిన మాట కెప్టెన్ అని గ్రహించాలి, ఎందుకంటే సైనికుల చిన్న దళమైన కంపెనీకి తల అయిన కెప్టెనుకు బదులుగా నిలిచేవాడే తొలి లెఫ్టినెంటు.

మేజర్ అనే మాట కథ ఇంకా ఆసక్తికరమైనది. లాటిన్‌లో దానికి ‘పెద్ద’ అని అర్థం. అది విశేషణం గనుక ఎవరు పెద్ద అన్న ప్రశ్న మిగులుతుంది. 16వ శతాబ్దపు రెజిమెంటులో కల్నల్, లెఫ్టినెంట్ కల్నల్ తరువాత మూడో అధికారి పేరు సార్జెంట్ మేజర్, అంటే పెద్ద సార్జెంటు. సైనికులను వరుసల్లో నిలపడం, కవాతు నేర్పడం, యుద్ధభూమిలో వ్యూహం సరిచూడటం ఆయన పని. కాలక్రమంలో ఆ పేరులోని సార్జెంటు రాలిపోయి మేజర్ మాత్రమే మిగిలింది. నేడు సైన్యాల్లో కనిపించే సార్జెంట్ మేజర్ అనే హోదా ఆ తరువాత వేరుగా ఏర్పడింది. అది కమిషన్డ్ అధికారి హోదా కాదు.

ఒక కంపెనీలో కెప్టెన్, లెఫ్టినెంటు, సార్జెంటు అనే వరుస ఎలా ఉండేదో, మొత్తం సైన్యానికీ అదే వరుసను పెద్దది చేసి వాడుకున్నారు. సర్వసైన్యాధిపతి కెప్టెన్ జనరల్, ఆయన తరువాతివాడు లెఫ్టినెంట్ జనరల్, మూడోవాడు సార్జెంట్ మేజర్ జనరల్. ఇక్కడ జనరల్ అంటే సైన్యమంతటికీ సంబంధించిన అని అర్థం. 1645లో ఇంగ్లండు పార్లమెంటు ఏర్పాటు చేసిన కొత్త సైన్యానికి థామస్ ఫెయిర్‌ఫాక్స్ అధిపతి కాగా, ఆలివర్ క్రాంవెల్ లెఫ్టినెంట్ జనరల్ హోదాలో అశ్వదళాన్నీ, ఫిలిప్ స్కిప్పన్ సార్జెంట్ మేజర్ జనరల్ హోదాలో పదాతిదళాన్నీ నడిపారు. ఆనాటి సైన్యంలో గుర్రం మీద వచ్చేవాడి గౌరవం కాలినడక సైనికుడికి ఉండేది కాదు. కాబట్టి అశ్వదళ నాయకుడు పైమెట్టున, పదాతిదళాన్ని వరుసలు తీర్చేవాడు కిందిమెట్టున నిలిచారు.

ఆ తరువాత రెండు మాటలు రాలిపోయాయి. పైమెట్టున కెప్టెన్ రాలిపోయి జనరల్ మిగిలాడు, కిందిమెట్టున సార్జెంట్ రాలిపోయి మేజర్ జనరల్ మిగిలాడు. 1655లో క్రాంవెల్ ఇంగ్లండును భాగాలుగా విడదీసి సైనికాధికారుల పాలన కింద ఉంచినప్పుడు ఆ అధికారులను మేజర్ జనరళ్లు అనే పిలిచారు. రాలిపోయిన సార్జెంటును తిరిగి తన స్థానంలో ఉంచి చదివితే తికమక పోతుంది: లెఫ్టినెంటుకు కింద సార్జెంటు ఎలా ఉన్నాడో, లెఫ్టినెంట్ జనరల్‌కు కింద సార్జెంట్ మేజర్ జనరల్ అలాగే ఉన్నాడు.

కల్నల్ అనే మాట ఇటలీ భాషలో సైనిక పంక్తికి వాడే ‘కొలొన్న’ నుంచి వచ్చింది. పంక్తిని నడిపేవాడు కల్నల్. ఆ మాట ఇంగ్లండుకు ఫ్రెంచివారి నోట ‘కొరొనెల్’ అనే రూపంలో చేరింది గనుక ఇంగ్లీషువారు దాన్ని ‘కర్నల్’ అని పలికారు, కాని రాతలో ఇటాలియన్ రూపాన్నే నిలుపుకున్నారు. హిందీవారు చెవికి వినబడినట్టు కర్నల్ అని రాసుకోగా, తెలుగువారు కంటికి కనబడిన అక్షరాలను అనుసరించి కల్నల్ అని స్థిరపరచుకున్నారు. కల్నల్ తన పేరిట రెజిమెంటును పెంచి దూరంగా ఉంటే, దాన్ని యుద్ధంలో నడిపే భారం లెఫ్టినెంట్ కల్నల్ మీద పడటం ఐరోపా సైన్యాల్లో చాలాకాలం మామూలు. భారత సైన్యంలోనూ పదాతిదళపు బెటాలియన్‌ను నడిపేవాడు చాలాకాలం లెఫ్టినెంట్ కల్నలే. 1980ల్లో అధికారుల హోదాల వ్యవస్థ మారిన తరువాతే ఆ బాధ్యత కల్నల్ హోదాకు చేరింది. అందువల్ల 1971 యుద్ధ కథనంలోని లెఫ్టినెంట్ కల్నల్‌నూ నేటి వార్తలోని లెఫ్టినెంట్ కల్నల్‌నూ ఒకే బాధ్యతగలవారిగా చదవడం పొరపాటు.

తహసీలుదారు చేతి లాఠీ

సైనిక హోదాలు ఇలా రెండు శతాబ్దాల పాటు అరుగుతూ వచ్చాక, మద్రాసు రాజధానిలో పోలీసు హోదాలు దాదాపు ఒక్కసారిగా పుట్టాయి. 1816 నాటి నిబంధనలతో జిల్లాల్లో పోలీసు అధికారం కలెక్టరుకూ ఆయన కింది తహసీలుదారుకూ దఖలు పడింది. శిస్తు వసూలు చేసే చేయీ, దొంగను పట్టి విచారించే చేయీ ఒకటే కావడంతో, బాకీ చెల్లించని రైతునూ నేరం మోపబడిన మనిషినీ ఒకే తీరున హింసించడం వాడుకైంది. ఆ ఫిర్యాదులు లండను పార్లమెంటు వరకు చేరగా ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. అది 1855లో సమర్పించిన నివేదిక మద్రాసు చిత్రహింసల నివేదికగా చరిత్రకెక్కింది. ఉత్తర సర్కారులు, దత్త మండలాలు ఆ రాజధానిలోనివే కాబట్టి, ఆ నివేదిక తెలుగు రైతు అనుభవించిన బాధకు కూడా సాక్ష్యమే.

ఆ నివేదిక ఫలితంగా రెవిన్యూ నుంచి పోలీసును వేరుచేయాలన్న నిర్ణయం జరిగి, 1859 నాటి 24వ చట్టంతో మద్రాసు పోలీసు ఏర్పడింది. దాని నిర్మాణ భారం విలియం రాబిన్సన్ అనే సివిల్ సర్వీసు అధికారి మీద పడింది. రెండేళ్లకు, 1861లో, దేశంలోని ఇతర ప్రాంతాల కోసం 5వ చట్టం వచ్చింది. పైన ఇన్‌స్పెక్టర్ జనరల్, జిల్లాలో జిల్లా సూపరింటెండెంటు, ఆయనకు సాయంగా అసిస్టెంటు అనే వరుస ఈ చట్టాలతో స్థిరపడింది. ఇన్‌స్పెక్టర్ జనరల్, హెడ్ కానిస్టేబుల్, సబ్ ఇన్‌స్పెక్టర్ అనే పేర్లన్నీ అప్పటికే ఐర్లండు పోలీసు దళంలో వాడుకలో ఉన్నవే. లొంగని దేశాన్ని అదుపులో ఉంచడానికి ఏర్పరచిన ఆ దళం, 1857 తిరుగుబాటు చూసి బెదిరిన పాలకులకు తగిన నమూనాగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

కొత్త ఏర్పాటులో కొత్త స్పర్ధ కూడా పుట్టింది. సూపరింటెండెంటు తన పై అధికారి ఇన్‌స్పెక్టర్ జనరల్ అని భావించాడు; కలెక్టరు మాత్రం జిల్లా మేజిస్ట్రేటుగా పోలీసు తన అదుపులోనే ఉండాలని పట్టుబట్టాడు. 1861 చట్టం జిల్లా పోలీసును మేజిస్ట్రేటు సాధారణ నియంత్రణ కింద ఉంచడంతో ఆ పోటీ ముగియలేదు, చట్టంలోనే నిలిచిపోయింది. తొలి దశాబ్దాల్లో జిల్లా సూపరింటెండెంట్లుగా వచ్చినవారిలో పలువురు సైన్యం నుంచి వచ్చినవారు గనుక, ఆనాటి దస్తావేజుల్లో ఒకే మనిషి పేరు ముందు కెప్టెన్ అనీ, పేరు తరువాత జిల్లా సూపరింటెండెంటు అనీ రెండు హోదాలు కనిపిస్తాయి. పేరు ముందున్నది ఆయన ఎక్కడినుంచి వచ్చాడో చెబుతుంది, వెనుకనున్నది ఆ రోజున ఆయన చేస్తున్న పని ఏమిటో చెబుతుంది.

ఒకే పేరుకు ఇద్దరు అధికారులు

ఇప్పుడు డీఎస్పీ అనే మూడక్షరాలకు రావాలి. చట్టంలోని జిల్లా సూపరింటెండెంట్ ఆఫ్ పోలీస్ అనే ఆంగ్లపదాన్ని పొట్టిగా రాస్తే వచ్చేది డీఎస్పీయే. అక్కడ ‘డీ’ అంటే డిస్ట్రిక్ట్. అంటే 19వ శతాబ్దపు డీఎస్పీ నేటి జిల్లా ఎస్పీ.

1902లో వైస్రాయి కర్జన్ ప్రభుత్వం ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన పోలీసు సంఘాన్ని నియమించింది. అప్పటికి మద్రాసు రాజధానిలో చాలా స్టేషన్లు కొద్దిపాటి చదువు, కొద్దిపాటి జీతం గల హెడ్ కానిస్టేబుళ్ల చేతిలో ఉండేవి. పల్లె మనిషికి ప్రభుత్వం అంటే ఆ హెడ్ కానిస్టేబులే, లంచానికీ దెబ్బకూ కూడా ఆయన గడపే. చదువుకున్న యువకులను నేరుగా సబ్ ఇన్‌స్పెక్టర్లుగా తీసుకొని స్టేషన్లు వారికి అప్పగించాలని ఫ్రేజర్ సంఘం సూచించింది. తెలుగు పల్లెకు ఎస్‌ఐ పరిచయమైంది ఆ తరువాతి సంవత్సరాల్లోనే. అందువల్ల అంతకుముందు కాలపు కథలో స్టేషను పెద్దగా ఎస్‌ఐ కనిపిస్తే, రచయిత తన కాలపు మాటను పాతకాలానికి తొడిగాడేమోనని అనుమానించవలసి ఉంటుంది. నిజాం రాజ్యంలో ఈ పేరు ఇంకా ఆలస్యంగా వచ్చింది. అక్కడి పల్లెల్లో ఠాణా అధికారిని అమీను అనే పిలిచేవారు.

అదే సంఘం మరో హోదానూ సూచించింది. సూపరింటెండెంటు పదవి 1893 నుంచి ఇంగ్లండులో పరీక్ష నెగ్గిన తెల్లవారికే దక్కుతూ వచ్చింది, ఇన్‌స్పెక్టరు పైన భారతీయుడికి మెట్టు దాదాపు లేదు. ఆ లోటు తీర్చడానికి డిప్యూటీ సూపరింటెండెంటు అనే హోదాను ఏర్పరచి భారతీయులకు కేటాయించారు. పనిలో అది తెల్ల అసిస్టెంటు సూపరింటెండెంటు పనికి దాదాపు సమానమే. అయినా అసిస్టెంటు మెట్టు పైకి వెళ్లే దారి కాగా, డిప్యూటీ మెట్టు చాలామందికి అక్కడితో ముగిసే దారి అయింది. ఒకే పనికి రెండు పేర్లు పెట్టి జాతిభేదాన్ని హోదాల పట్టికలోనే పొందుపరచిన తీరు ఇది. ఈ కొత్త హోదానూ పొట్టిగా రాస్తే వచ్చింది డీఎస్పీయే, కాని ఇక్కడ ‘డీ’ అంటే డిప్యూటీ. అలా కొంతకాలం జిల్లాకు అధిపతీ ఆయన కింది అధికారీ ఒకే మూడక్షరాలను పంచుకున్నారు.

పాత దస్తావేజు చదివేవారు ఈ ఇద్దరినీ విడదీయడానికి ముందు సంవత్సరం చూడాలి. 1902కు ముందైతే అది జిల్లా సూపరింటెండెంటే. ఆ తరువాతి కాలపుదైతే హోదా పక్కనున్న ఊరిపేరు చూడాలి. ఉదాహరణకు డీఎస్పీ, విశాఖపట్నం అని జిల్లా పేరుంటే అది జిల్లా అధిపతి కావడానికే అవకాశం ఎక్కువ. డీఎస్పీ, నర్సీపట్నం అని సబ్ డివిజను పేరుంటే డిప్యూటీ. అప్పటికీ సందేహం మిగిలితే ఆ అధికారి ఎవరికి నివేదిక పంపుతున్నాడో చూడాలి. ఇన్‌స్పెక్టర్ జనరల్‌కో ఆయన డిప్యూటీకో నేరుగా రాస్తే జిల్లా అధిపతి, జిల్లా కార్యాలయానికి రాస్తే డిప్యూటీ.

మన్యంలో కలిసిన రెండు వరుసలు

సైనిక వరుస, పోలీసు వరుస ఒకే కథలో ఎదురుపడిన సందర్భం అల్లూరి సీతారామరాజు పోరాటం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లపై ఆయన దళం దాడి చేసి తుపాకులు పట్టుకుపోయింది. దాడికి గురైనవి ఫ్రేజర్ సంస్కరణల తరువాతి స్టేషన్లు, అంటే ఎస్‌ఐల వరుసకు చెందినవి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల పోలీసు అధికారులు హతులైన తరువాత, జిల్లా పోలీసు శక్తికి ఇది మించిన పని అని ప్రభుత్వానికి తెలిసివచ్చింది. మలబారు ప్రత్యేక పోలీసులు, 1924 ఆరంభంలో అస్సాం రైఫిల్స్ మన్యానికి వచ్చారు. ఆ ఏడాది మే 7న కొయ్యూరులో రామరాజును కాల్చి చంపిన ఘటనతో ముడిపడిన అధికారి పేరు మేజర్ గుడాల్.

ఇక్కడ మేజర్ అనే మాట చూసి మన్యానికి సైన్యం వచ్చిందని చదివేవారున్నారు. అస్సాం రైఫిల్స్ సైనిక పద్ధతిలో నడిచినా పౌర ప్రభుత్వపు దళం. దాని అధికారులు మాత్రం సైన్యం నుంచి కొంతకాలానికి వచ్చేవారు, వచ్చినప్పుడు తమ సైనిక హోదాను వెంట తెచ్చుకునేవారు. అంటే అరవై ఏళ్ల క్రితం జిల్లా సూపరింటెండెంటు పేరు ముందు కనిపించిన కెప్టెన్ లాంటివాడే ఈ మేజర్ కూడా. హోదా మనిషి వచ్చిన చోటిని చెబుతుంది, దళం స్వభావాన్ని చెప్పదు.

నేటి కాగితం మీద

స్వాతంత్ర్యం తరువాత జిల్లా అధిపతి ఎస్పీగా స్థిరపడటంతో డీఎస్పీ డిప్యూటీ ఒక్కడిదే అయింది. కాని అలాంటి చిక్కే మరో అక్షరానికి పాకింది. తెలుగు పత్రికల్లో ఏఎస్పీ అని కనిపించే అధికారి ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. ఐపీఎస్‌లో చేరి తొలిసారి సబ్ డివిజను చూసే అసిస్టెంటు సూపరింటెండెంటు డీఎస్పీకి సమానమైనవాడు. అడిషనల్ సూపరింటెండెంటు డీఎస్పీకి పైవాడు, ఎస్పీకి వెంటనే కిందివాడు. వార్తలో ఆ అధికారి సబ్ డివిజనుకు సంబంధించినవాడైతే మొదటివాడనీ, జిల్లా మొత్తానికి పరిపాలననో నేరవిభాగాన్నో చూస్తున్నవాడైతే రెండోవాడనీ ఊహించవచ్చు.

హోదాకూ పదవికీ తేడా తెలియకపోవడం మరో పొరపాటుకు దారితీస్తుంది. సీఐ అంటే సర్కిల్ ఇన్‌స్పెక్టర్; ఇందులో ఇన్‌స్పెక్టర్ హోదా, కొన్ని స్టేషన్లు కలిసిన సర్కిల్ ఆయన పని చేసే చోటు. ఎస్‌హెచ్‌ఓ అన్నది హోదా కానే కాదు, స్టేషను బాధ్యుడని మాత్రమే దాని అర్థం. పల్లెలో ఆయన ఎస్‌ఐ కావచ్చు, నగరంలో ఇన్‌స్పెక్టర్ కావచ్చు. కమిషనరు పాలన ఉన్న హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ నగరాల్లో డీఎస్పీ స్థాయి అధికారిని ఏసీపీ అనీ, ఎస్పీ స్థాయి అధికారిని డీసీపీ అనీ అంటారు. ఐజీ అనే పేరు మీద కూడా కాలం పనిచేసింది. ఒకప్పుడు రాష్ట్ర పోలీసుకంతటికీ ఒక్కడే ఐజీ, ఆయనే అధిపతి. డీజీపీ అనే మెట్టు పైన వచ్చి చేరాక ఐజీలు పలువురయ్యారు. 1950ల నాటి పత్రికలో కనిపించే ఐజీని నేటి ఐజీగా గాక నేటి డీజీపీగా చదవాలి.

ఇలా చూస్తే ‘డీ’ అనే ఒక్క అక్షరం వెనుక జిల్లాను ఏలిన తెల్ల అధికారీ, ఆయన కింద ఆగిపోయిన భారతీయుడూ ఇద్దరూ ఉన్నారు. మేజర్ జనరల్ అనే రెండు మాటల వెనుక కవాతు నేర్పిన సార్జెంటు ఉన్నాడు. ఆ రాలిపోయిన మాటలను తిరిగి వాటి స్థానంలో ఉంచినవారికే పాత దస్తావేజు తన అసలు మనుషులను చూపుతుంది.

కాగితం మీద చదవగలిగిన ఈ హోదాలను, కాగితం చదవలేని సిపాయి దూరం నుంచే ఎలా గుర్తుపట్టాడన్నది మిగిలిన ప్రశ్న. భుజం మీది నక్షత్రాలు, కిరీటం తొలగి వచ్చిన సింహముద్ర, పోలీసు ఇన్‌స్పెక్టర్‌కూ డీఎస్పీకీ మూడేసి నక్షత్రాలే ఉన్నా ఇద్దరినీ విడదీసే ఎర్ర నీలి పట్టీ, అడ్డంగా నిలిచిన ఖడ్గం, దండం – ఈ చిహ్నాల చరిత్రను వచ్చే భాగం వివరిస్తుంది.